సున్నాకు అటూ ఇటూ: సరి, బేసి ప్రమేయాలతో సమాకలనం సులువయ్యే తీరు

x³ అనే ప్రమేయానికి −1 నుంచి 1 వరకు రేఖాచిత్రం గీస్తే, సున్నాకు కుడివైపు గీత పైకి లేస్తుంది, ఎడమవైపు అంతే లోతుగా కిందికి దిగుతుంది. కుడివైపు గీతకూ x-అక్షానికీ మధ్య ఉన్న వైశాల్యం 1/4. ఎడమవైపు ఉన్నదీ 1/4 వైశాల్యమే. అయితే అది అక్షానికి కింద ఉంది కాబట్టి సమాకలనంలో దాని గుర్తు రుణం. రెండూ కలిస్తే సున్నా. అదే x² గీస్తే రెండు వైపులా గీత పైనే ఉంటుంది. కుడివైపు 1/3, ఎడమవైపు 1/3, మొత్తం 2/3. మొదటి లెక్కలో చేయవలసిన పనే లేదు, రెండో లెక్కలో సగం పని చేస్తే చాలు.

సున్నాకు రెండు వైపులా సమాన దూరంలో హద్దులున్న ఏ నిశ్చిత సమాకలనికైనా ఈ పోలిక పనికొస్తుంది. హద్దులు −a, a అయినప్పుడు ఆ సమాకలనిని ఇక్కడ ∫[−a, a] f(x) dx అని రాద్దాం అనుకుంటే, దిగువ హద్దు −a, ఎగువ హద్దు a అని అర్థం. లోపలి ప్రమేయానికి సౌష్ఠవం ఉందో లేదో ముందే చూసుకుంటే, చాలా లెక్కల్లో సమాకలన సూత్రాల జోలికి పోయే ముందే పెద్ద భాగం రాలిపోతుంది.

సరి ఏది, బేసి ఏది

ప్రమేయంలో x ఉన్న ప్రతిచోటా −x పెట్టాలి. విలువ ఏమీ మారకపోతే, అంటే f(−x) = f(x) అయితే అది సరి ప్రమేయం. విలువ అంతే ఉండి గుర్తు మాత్రం తిరగబడితే, అంటే f(−x) = −f(x) అయితే అది బేసి ప్రమేయం. ఈ పేర్లు ఘాతాల నుంచి వచ్చాయి. x², x⁴, x⁶ వంటి సరి ఘాతాలకు మొదటి లక్షణం, x, x³, x⁵ వంటి బేసి ఘాతాలకు రెండో లక్షణం ఉంటాయి. 18వ శతాబ్దంలో లియొనార్డ్ ఆయిలర్ ఈ వర్గాలను గుర్తించి, ఘాతాల పేర్లనే ప్రమేయాలకూ పెట్టాడు.

రేఖాచిత్రంలో సరి ప్రమేయాన్ని గుర్తుపట్టడం తేలిక. y-అక్షం దగ్గర అద్దం నిలబెట్టినట్టు, కుడివైపు గీతకు ఎడమవైపు గీత ప్రతిబింబంగా ఉంటుంది. బేసి ప్రమేయం అద్దానికి లొంగదు. దాన్ని కాగితంతో సహా మూలబిందువు చుట్టూ సగం తిప్పితే, అంటే తలకిందులు చేస్తే, గీత మళ్లీ తన మీద తానే పడుతుంది. కొసైన్ సరి ప్రమేయం, సైన్ బేసి ప్రమేయం. 5 వంటి స్థిరసంఖ్యలో x లేనేలేదు కాబట్టి −x పెట్టినా మార్పు ఉండదు. అందువల్ల స్థిరసంఖ్య కూడా సరి ప్రమేయమే.

సంఖ్యల విషయంలో సరి, బేసి అంటే ప్రతి సంఖ్యా ఏదో ఒకటి కావాల్సిందే. ప్రమేయాలకు ఆ నిబంధన లేదు. x² + x తీసుకుంటే x = 1 వద్ద విలువ 2, x = −1 వద్ద 0. ఇది సరీ కాదు, బేసీ కాదు. ఒక జత విలువలు చూసి ఇలా "కాదు" అని తేల్చవచ్చు గాని "అవును" అని మాత్రం తేల్చలేం. x² + x³ − x కు 1 వద్దా −1 వద్దా విలువ 1 కాబట్టి సరి ప్రమేయంలా కనిపిస్తుంది. 2 వద్ద 10, −2 వద్ద −2 రావడంతో ఆ భ్రమ వీడిపోతుంది. రుజువు కావాలంటే x స్థానంలో −x పెట్టి, బీజగణితంతో చూడటం ఒక్కటే మార్గం.

గుణకారంలో ఇంకో తేడా ఉంది. రెండు బేసి సంఖ్యల లబ్ధం బేసి సంఖ్య. రెండు బేసి ప్రమేయాల లబ్ధం మాత్రం సరి ప్రమేయం, ఎందుకంటే రెండు రుణ గుర్తులూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. x ను x³ తో గుణిస్తే x⁴ వస్తుంది. ఘాతాలు కూడుకుంటాయి కాబట్టి ప్రమేయాల గుణకారం సంఖ్యల కూడికలా నడుస్తుందని గుర్తుపెట్టుకుంటే పొరపాటు రాదు: బేసి, బేసి కలిస్తే సరి, బేసి, సరి కలిస్తే బేసి, సరి, సరి కలిస్తే సరి.

గుర్తులు తిరగబడే చోటు

నియమం ఎందుకు నిజమో తెలుసుకోవడానికి అంతరాన్ని సున్నా దగ్గర రెండు ముక్కలు చేయాలి.

∫[−a, a] f(x) dx = ∫[−a, 0] f(x) dx + ∫[0, a] f(x) dx

ఎడమ ముక్కలో x = −t అని ప్రతిక్షేపిస్తే dx స్థానంలో −dt వస్తుంది. x విలువ −a అయినప్పుడు t విలువ a, x సున్నా అయినప్పుడు t కూడా సున్నా. అంటే హద్దులు a నుంచి 0 వరకు, తలకిందులుగా వచ్చాయి. వాటిని 0 నుంచి a కు సరిదిద్దితే ఇంకో రుణ గుర్తు పుడుతుంది. dt తో వచ్చిన రుణ గుర్తు, హద్దులు మార్చినందుకు వచ్చిన రుణ గుర్తు పరస్పరం రద్దవుతాయి. మిగిలేది ∫[0, a] f(−t) dt. నోటుపుస్తకాల్లో తప్పు దొర్లేది ఎక్కువగా ఇక్కడే. రెండు గుర్తుల్లో ఒకదాన్ని మరిచిపోతే సరి ప్రమేయానికి సున్నా, బేసి ప్రమేయానికి రెట్టింపు వస్తాయి. అంటే నియమం పూర్తిగా తలకిందులవుతుంది.

t అన్నా x అన్నా సమాకలని విలువ మారదు కాబట్టి రెండు ముక్కలనూ ఒకే గూటికి చేర్చవచ్చు.

∫[−a, a] f(x) dx = ∫[0, a] (f(x) + f(−x)) dx

ఈ ఒక్క వాక్యంలో అంతా ఉంది. f సరి ప్రమేయమైతే కుండలీకరణంలో 2f(x) ఉంటుంది కాబట్టి సమాకలని ∫[0, a] f(x) dx కు రెట్టింపు అవుతుంది. f బేసి ప్రమేయమైతే కుండలీకరణంలో సున్నా ఉంటుంది కాబట్టి సమాకలని కూడా సున్నాయే. f సరీ బేసీ కాకపోయినా ఈ సూత్రం చెల్లుతుంది. దాని అసలు బలం అక్కడే బయటపడుతుంది.

ప్రతిక్షేపణ లేకుండా ఇదే విషయాన్ని సన్నని పట్టీలతోనూ చూడవచ్చు. వక్రం కింది ప్రాంతాన్ని 0.01 వెడల్పున్న పట్టీలుగా కోశారనుకుంటే, x³ కు 0.7 వద్ద ఎత్తు 0.343, ఆ పట్టీ వాటా 0.00343. సరిగ్గా దానికి ఎదురుగా −0.7 వద్ద ఉన్న పట్టీ వాటా −0.00343. కుడివైపు ప్రతి పట్టీకీ ఎడమవైపు ఇలాంటి జోడీ ఉంటుంది. సమాకలని సున్నా కావడమంటే ఈ జోడీలన్నీ చెల్లుకు చెల్లు కావడమే.

సమాకలని సున్నా అయినంత మాత్రాన వైశాల్యం సున్నా అయిపోదు. సైన్ వక్రానికి −π నుంచి π వరకు సమాకలని సున్నా. ఆ వక్రానికీ అక్షానికీ మధ్య ఉన్న వైశాల్యం మాత్రం 4, ఒక్కో వైపు 2 చొప్పున. ప్రశ్న వైశాల్యం అడిగితే sin x బదులు దాని పరమ విలువను తీసుకోవాలి. పరమ విలువ తీసుకోగానే బేసి ప్రమేయం కాస్తా సరి ప్రమేయమైపోతుంది.

రాలిపోయేది, మిగిలేది

సౌష్ఠవాన్ని ప్రమేయం మొత్తంలో వెతకనక్కరలేదు, పదం పదంగా చూస్తే చాలు. x⁷ − 4x⁵ + 3x² + 9x + 5 ను −2 నుంచి 2 వరకు సమాకలనం చేయాలంటే, మొత్తంగా అది సరీ కాదు, బేసీ కాదు. అయినా x⁷, −4x⁵, 9x అనే మూడు పదాలు బేసివి కాబట్టి వాటిని కొట్టేయవచ్చు. మిగిలిన 3x² + 5 సరి ప్రమేయం. దాన్ని 0 నుంచి 2 వరకు సమాకలనం చేస్తే 8 + 10 = 18, రెట్టింపు చేస్తే 36.

బహుపదుల్లో ఇది కొంత శ్రమను తగ్గించడం మాత్రమే. కొన్ని లెక్కలకు మాత్రం ఇది తప్ప వేరే దారి కనిపించదు. ఉదాహరణకు ఈ సమాకలని:

∫[−3, 3] (x⁵ cos 2x + 2) √(9 − x²) dx

కుండలీకరణాన్ని విప్పితే రెండు భాగాలొస్తాయి. మొదటి భాగం x⁵ cos 2x √(9 − x²). దీని ప్రతిఅవకలజాన్ని బహుపదులు, త్రికోణమితి, ఘాత, సంవర్గమాన ప్రమేయాలతో రాయడం సాధ్యం కాదు. విభాగ సమాకలనం చేసినా, x = 3 sin θ అని ప్రతిక్షేపించినా లెక్క పెరుగుతుందే తప్ప తెగదు. గుర్తుల వైపు నుంచి చూస్తే మాత్రం x⁵ బేసి, cos 2x సరి, √(9 − x²) సరి. మూడింటి లబ్ధం బేసి. అంతరం −3 నుంచి 3 వరకు సౌష్ఠవంగా ఉంది, ఆ అంతరంలో ప్రమేయం ఎక్కడా తెగకుండా, హద్దు మీరకుండా ఉంది. కాబట్టి మొదటి భాగం సున్నా.

రెండో భాగం 2√(9 − x²). y = √(9 − x²) అంటే 3 వ్యాసార్ధం ఉన్న వృత్తంలో పై సగం. −3 నుంచి 3 వరకు దాని కింద ఉన్న వైశాల్యం 9π/2, దాన్ని 2 తో గుణిస్తే 9π, అంటే సుమారు 28.27. మొత్తం సమాకలని విలువ ఇదే. ప్రతిఅవకలజమంటూ ఒక్కటి కూడా రాయకుండానే జవాబు వచ్చేసింది.

సౌష్ఠవం అన్నిసార్లూ ఇంత బాహాటంగా కనిపించదు. ln(x + √(1 + x²)) ను పైపైన చూస్తే సరి అనో బేసి అనో చెప్పడానికి ఆధారం దొరకదు. x బదులు −x పెడితే లోపల √(1 + x²) − x వస్తుంది. దీన్ని √(1 + x²) + x తో గుణిస్తే (1 + x²) − x² = 1. అంటే లోపలి రెండు విలువలూ ఒకదానికొకటి విలోమాలు. విలోమం సంవర్గమానం తీసుకుంటే గుర్తు మాత్రమే మారుతుంది కాబట్టి ఈ ప్రమేయం బేసి. −1 నుంచి 1 వరకు దాని సమాకలని సున్నా. ఇదే ప్రమేయాన్ని కొసైన్‌తోనో x² తోనో గుణించినా ఫలితం సున్నాయే.

సరీ బేసీ కానప్పుడు

f(x) + f(−x) ను 2 తో భాగిస్తే వచ్చేది ఎప్పుడూ సరి ప్రమేయమే. f(x) − f(−x) ను 2 తో భాగిస్తే వచ్చేది ఎప్పుడూ బేసి ప్రమేయమే. రెండింటినీ కూడితే మళ్లీ f(x) వస్తుంది. కాబట్టి సున్నాకు రెండు వైపులా నిర్వచితమైన ప్రతి ప్రమేయాన్నీ ఒక సరి భాగం, ఒక బేసి భాగంగా విడదీయవచ్చు. సౌష్ఠవ అంతరం మీద సమాకలనం చేసినప్పుడు బేసి భాగం రాలిపోయి, సరి భాగం ఒక్కటే జవాబులో మిగులుతుంది.

1/(1 + eˣ) అనే ప్రమేయం దీనికి మంచి ఉదాహరణ. x = 1 వద్ద దీని విలువ సుమారు 0.2689, x = −1 వద్ద 0.7311. రెండూ సమానం కావు, వ్యతిరేకాలూ కావు. కూడి చూస్తే మాత్రం సరిగ్గా 1. ఇది ఆ ఒక్క జతకే పరిమితం కాదు. 1/(1 + e⁻ˣ) లో లవహారాలను eˣ తో గుణిస్తే eˣ/(eˣ + 1) అవుతుంది. దానికి 1/(1 + eˣ) ను కలిపితే ప్రతి x కూ 1 వస్తుంది. అంటే ఈ ప్రమేయం సరి భాగం 1/2 అనే స్థిరసంఖ్య. మిగిలిందంతా బేసి భాగమే.

ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలకు చదివే తెలుగు విద్యార్థులకు ఈ రూపం బాగా పరిచయం. 2016 జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అడిగిన సమాకలని ఇది:

∫[−π/2, π/2] x² cos x / (1 + eˣ) dx

హారంలోని 1 + eˣ ను చూసి ప్రతిక్షేపణకు దిగితే దారి మూసుకుపోతుంది. లవంలో ఉన్న x² cos x సరి ప్రమేయం కాబట్టి x ను −x గా మార్చినా అది చెక్కుచెదరదు. f(x), f(−x) రెండింటినీ కూడితే దాన్ని ఉమ్మడిగా బయటికి తీయవచ్చు. మిగిలిన 1/(1 + eˣ) + 1/(1 + e⁻ˣ) విలువ 1 అని ముందే తేలింది. కాబట్టి సమాకలని ఇలా మారుతుంది:

∫[0, π/2] x² cos x dx

ఇప్పుడు విభాగ సమాకలనాన్ని రెండుసార్లు చేస్తే చాలు. ప్రతిఅవకలజం x² sin x + 2x cos x − 2 sin x. x = π/2 వద్ద దీని విలువ π²/4 − 2, సున్నా వద్ద సున్నా. కాబట్టి జవాబు π²/4 − 2, సుమారు 0.467.

ఇందులో e ప్రత్యేకత ఏమీ లేదని గమనించాలి. దాని స్థానంలో 2 ఉన్నా, 2016 ఉన్నా, ఏ ధన సంఖ్య ఉన్నా కూడిక 1 కే వస్తుంది. ఘాతంలో x బదులు sin x వంటి ఏ బేసి ప్రమేయం ఉన్నా ఫలితం మారదు. అటువంటి హారం కేవలం ముసుగు. సరి ప్రమేయాన్ని అటువంటి హారం భాగిస్తోందని గుర్తిస్తే, హారాన్ని పక్కన పెట్టి లవాన్ని 0 నుంచి a వరకు సమాకలనం చేయవచ్చు. లవం సరి ప్రమేయం కాకపోతే మాత్రం ఈ దగ్గరిదారి పనిచేయదు. అప్పుడు f(x) + f(−x) ను విడిగా కట్టి చూడాల్సిందే.

కేంద్రం జరిగితే

సున్నా ఇక్కడ కేవలం ఒక కేంద్రబిందువు. అంతరం 0 నుంచి 2 వరకు ఉంటే దాని నడిమి బిందువు 1. x = 1 + t అని రాస్తే t విలువ −1 నుంచి 1 వరకు నడుస్తుంది. ఇక పాత నియమాలన్నీ t కు వర్తిస్తాయి. ఈ జరపడం వల్ల, ఉజ్జాయింపు లెక్కల్లో పాఠకులు చాలామంది చూసి ఉండే ఒక వింతకు కారణం దొరుకుతుంది.

18వ శతాబ్దపు ఆంగ్ల గణితవేత్త థామస్ సింప్సన్ పేరుతో ఉన్న సూత్రం, అంతరం రెండు చివర్లలోనూ నడుమనూ ప్రమేయం విలువలు తీసుకుని, ఆ మూడు బిందువుల గుండా ఒక పరావలయాన్ని గీసి, దాని కింది వైశాల్యాన్ని జవాబుగా ఇస్తుంది. పరావలయమంటే రెండో ఘాతం వరకే. కాబట్టి x² వరకే ఈ సూత్రం కచ్చితంగా ఉండాలి, x³ దగ్గర తప్పాలి. కానీ తప్పదు. 0 నుంచి 2 వరకు x³ సమాకలని 4. సింప్సన్ సూత్రంలో మూడు విలువలు 0, 1, 8. నడిమి విలువను నాలుగింతలు చేసి కూడితే 12, మూడో వంతు తీసుకుంటే 4. కచ్చితమైన జవాబే వచ్చింది.

కారణం బేసి సౌష్ఠవం. నడిమి బిందువు నుంచి దూరాన్ని t అని, అంతరంలో సగాన్ని h అని అనుకుంటే, మూడో ఘాతపు బహుపదికీ దానికి గీసిన పరావలయానికీ ఉన్న తేడా t = −h, 0, h అనే మూడు చోట్లా సున్నా కావాలి, ఎందుకంటే ఆ మూడు బిందువుల వద్ద రెండు గీతలూ కలుస్తాయి. మూడో ఘాతం దాటని తేడా అలా ఉండాలంటే అది k t(t² − h²) రూపంలో ఉండక తప్పదు. ఇక్కడ k ఏదో ఒక స్థిరసంఖ్య. t బేసి, t² − h² సరి, లబ్ధం బేసి. కాబట్టి −h నుంచి h వరకు ఆ తేడా సమాకలని సున్నా. పరావలయం ఒక సగంలో ఎంత ఎక్కువ చూపిస్తుందో, రెండో సగంలో సరిగ్గా అంత తక్కువ చూపిస్తుంది. నాలుగో ఘాతం దగ్గర ఈ రక్షణ ఉండదు. 0 నుంచి 2 వరకు x⁴ అసలు విలువ 6.4 కాగా సింప్సన్ సూత్రం ఇచ్చేది 20/3, అంటే సుమారు 6.67.

నియమం చెల్లని చోట్లు

హద్దులు సమాన దూరంలో లేకపోవడం అన్నిటికన్నా సాధారణమైన అడ్డంకి. −1 నుంచి 3 వరకు x³ సమాకలనిని బేసి ప్రమేయం కదా అని సున్నా అంటే తప్పు. అలాగని సౌష్ఠవాన్ని పూర్తిగా వదులుకోనక్కరలేదు. అంతరాన్ని −1 నుంచి 1 వరకు, 1 నుంచి 3 వరకు విడగొడితే మొదటి ముక్క సున్నా. రెండో ముక్క (81 − 1)/4 = 20. జవాబు 20.

రెండో అడ్డంకి అంత సులువుగా కంటపడదు. ∫[−1, 1] (1/x) dx తీసుకుంటే 1/x బేసి ప్రమేయం, అంతరం సౌష్ఠవమైనది. నియమం ప్రకారం సున్నా అనిపిస్తుంది. కానీ x సున్నాకు దగ్గరయ్యేకొద్దీ 1/x హద్దు లేకుండా పెరుగుతుంది. కుడి సగం ఒక్కదాని సమాకలనే అనంతం, ఎడమ సగం రుణ అనంతం. అనంతంలోంచి అనంతాన్ని తీసేస్తే సున్నా వస్తుందనడానికి వీల్లేదు. కాబట్టి ఈ సమాకలనికి విలువే లేదు. ఇదే జాతి పొరపాటు సరి ప్రమేయంలోనూ జరుగుతుంది. 1/x² కు ప్రతిఅవకలజం −1/x అని రాసి, −1, 1 హద్దులను నేరుగా పెడితే −2 వస్తుంది. ఎక్కడా రుణ విలువ లేని ప్రమేయానికి రుణ సమాకలని రావడమే తప్పు జరిగిందనడానికి గుర్తు. మధ్యలో సున్నా వద్ద ప్రమేయం తెగిపోయిన సంగతిని లెక్క గమనించలేదు.

హద్దులు అనంతం వరకు వెళ్లినప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి. x/(1 + x²) బేసి ప్రమేయం, ఎక్కడా తెగదు, దాని విలువ ఎప్పుడూ 1/2 దాటదు. −N నుంచి N వరకు దాని సమాకలని, N ఎంత పెద్దదైనా, సున్నాయే. కానీ ఎడమ హద్దు −N దగ్గర ఆగి, కుడి హద్దు 2N వరకు సాగితే సమాకలని ½ ln((1 + 4N²)/(1 + N²)) అవుతుంది. N పెరిగేకొద్దీ ఇది ln 2 కు, అంటే సుమారు 0.693 కు చేరుతుంది. రెండు హద్దులూ అనంతానికే వెళ్లాయి, అయినా జవాబులు వేరు. రెండు వైపులా ఒకే వేగంతో సాగితే వచ్చే సున్నాకు కోషీ ప్రధాన విలువ అని పేరుంది. అది ప్రత్యేక ఒప్పందంతో ఇచ్చిన విలువ. సాధారణ అర్థంలో ఈ సమాకలనికి విలువ లేదు.

ఈ తేడా కాగితం మీది సూక్ష్మంగానే మిగిలిపోదు. సంభావ్యత శాస్త్రంలో కోషీ విభాజనం అనే ఒక విభాజనం ఉంది. దాని సంభావ్యతా సాంద్రత 1/(π(1 + x²)). రేఖాచిత్రం సున్నాకు అటూ ఇటూ అచ్చంగా ఒకేలా ఉంటుంది కాబట్టి సగటు సున్నా అనిపిస్తుంది. సగటు కట్టాలంటే సాంద్రతను x తో గుణించి సమాకలనం చేయాలి. అలా చేస్తే పైన చూసిన x/(1 + x²) వచ్చి ఎదురు నిలుస్తుంది. అందువల్ల ఈ విభాజనానికి సగటు లేదు. దాని నుంచి తీసిన పరిశీలనల సగటు కడుతూ పోతే, ఎన్ని వేల పరిశీలనలు చేర్చినా ఆ సగటు ఒకచోట స్థిరపడదు. అప్పుడప్పుడు వచ్చే ఒక భారీ విలువ దాన్ని దూరంగా లాగేస్తూనే ఉంటుంది. గంట ఆకారంలో ఉండే ప్రసిద్ధమైన విభాజనంతో పోలిస్తే కారణం తెలుస్తుంది. అక్కడ సగటుకు సమాకలనం చేయవలసింది x e^(−x²/2) వంటి ప్రమేయాన్ని. దాని కుడి సగం ఒక్కదాన్నే 0 నుంచి అనంతం వరకు సమాకలనం చేస్తే 1 వస్తుంది. ఎడమ సగం −1. రెండూ పరిమిత సంఖ్యలు కాబట్టి వాటి మొత్తం సున్నా అనడంలో తప్పు లేదు.

సమాకలనిని సున్నా అని కొట్టేసే ముందు చూడవలసింది ఈ కుడి సగాన్నే. 0 నుంచి a వరకు, లేదా 0 నుంచి అనంతం వరకు, ఆ ఒక్క సగానికి పరిమితమైన విలువ ఉంటే ఎడమ సగం దానికి సరిజోడీ అవుతుంది, నియమం చెల్లుతుంది. ప్రమేయం ఆ అంతరంలో, చివరి బిందువులతో సహా, అవిచ్ఛిన్నంగా ఉండి, హద్దులు పరిమితంగా ఉంటే ఈ షరతు తనంతట తానే తీరుతుంది. హారంలో సున్నా వచ్చే చోటున్నా, హద్దు అనంతమైనా మాత్రం ముందు సగం సంగతి తేల్చుకున్నాకే సౌష్ఠవాన్ని వాడాలి.